ఎన్ని నిద్రలు?

విశాఖలో ఒక మధ్యతరగతి హోటల్లో కొన్నేళ్ళు ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను. పొద్దున పదిన్నర నుంచి పన్నెండు దాకా రిసెప్షన్ దగ్గర జరిగే గొడవల్లో సగం ఒకే రకం. ఒకటి మాత్రం ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబం. ఆరుగురు, రెండు గదులు. 12వ తేదీ పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చారు. గదులు ఖాళీ అయ్యేదాకా లాబీలో సామాన్లు పెట్టుకుని కూర్చున్నారు. 15న పదకొండింటికి నేను ఫోన్ చేసి, "సర్, చెకౌట్ టైమ్ అయింది" అన్నాను. ఆయన చేతిలో ప్యాకేజీ కాగితంతో కిందికి దిగి వచ్చారు. "నాలుగు రోజుల ప్యాకేజీకి డబ్బు కట్టాం. ఇవాళ నాలుగో రోజు. సాయంత్రం ట్రైన్ దాకా గది మాదే" అన్నారు. కౌంటర్ మీద చెయ్యి పెట్టి ఒక్కో వేలు ముడుస్తూ లెక్కపెట్టారు కూడా. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను. నాలుగు వేళ్ళు.

నేను వోచర్ తీసి చూపించాను. 12 చెకిన్, 15 చెకౌట్, 3 నైట్స్. "పదిహేను నుంచి పన్నెండు తీసేస్తే మూడు సర్" అన్నాను. "నువ్వు తీసేస్తే మూడేనయ్యా, నేను లెక్కపెడితే నాలుగు వస్తున్నాయిగా" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. నా మాటలోనూ లేదు. ఇద్దరం పది నిమిషాలు అలాగే నిలబడ్డాం.

సోఫాలో కూర్చున్న వాళ్ళమ్మగారు అక్కడినుంచే అడిగారు. "ఒరేయ్, ఇక్కడ ఎన్ని నిద్రలు చేశాం?"

"మూడు."

"మరి మూడింటికే కదరా డబ్బు. సామాను సర్దు."

హోటల్ వ్యాపారం మొత్తం ఆవిడ మాటమీదే నడుస్తుంది. గుళ్ళో నిద్ర చేయడం, కొత్త అల్లుడు అత్తారింట్లో మూడు నిద్రలు చేయడం మనకు తెలిసినవే. బస చేయడాన్ని నిద్రలతో కొలిచే అలవాటు తెలుగులో ముందునుంచీ ఉంది. హోటల్ వాళ్ళు ఇంగ్లిష్‌లో నైట్ అంటున్నది దాన్నే. మనం మాత్రం ఆ మంచి కొలతను పక్కనబెట్టి "ఎన్ని రోజులు?" అని అడుగుతున్నాం. దానికి జవాబు ఒకటి కాదు కాబట్టే గొడవంతా.

ఆ రోజు నేను ఆయనకు చెప్పాల్సింది, కానీ తోచనిది ఇది. అరచెయ్యి చాపితే వేళ్ళు ఐదు, వేళ్ళ మధ్య సందులు నాలుగు. తేదీలు వేళ్ళు, రాత్రులు సందులు. 12 నుంచి 15 దాకా నాలుగు వేళ్ళు, మూడు సందులు. ఆయన వేళ్ళు లెక్కపెట్టారు, నేను సందులు లెక్కపెట్టాను. మొదటి తేదీని, చివరి తేదీని రెండింటినీ కలుపుకుంటే వేళ్ళ లెక్క వస్తుంది. ఒక చివర కలుపుకుని రెండోది వదిలేస్తే సందుల లెక్క వస్తుంది. ఈ రెంటికీ తేడా ఎప్పుడూ ఒకటే, ఎక్కువా కాదు తక్కువా కాదు. రెండు రోజుల బసకైనా రెండు నెలల బసకైనా ఆ ఒక్కటే తేడా. అందుకే పెద్ద అంకెల్లో అది కంటికి ఆనదు, చిన్న అంకెల్లో మాత్రం జేబుకు తగులుతుంది.

హోటల్ సందులే ఎందుకు లెక్కపెడుతుంది? డబ్బు తక్కువ తీసుకుందామని కాదు లెండి. 15న పదకొండింటికి మీరు గది ఖాళీ చేస్తే, హౌస్‌కీపింగ్ వాళ్ళు దుప్పట్లు మార్చి, బాత్రూమ్ కడిగి, రెండింటికల్లా గదిని ఇంకొకరికి సిద్ధం చేస్తారు. 15 రాత్రి ఆ గది వాళ్ళది. చెకౌట్ రోజును కూడా బిల్లులో వేస్తే అదే గదికి అదే తేదీ కింద ఇద్దరి దగ్గర డబ్బు తీసుకున్నట్టు అవుతుంది. మా దగ్గర కంప్యూటర్‌లో గదుల చార్టు ఉండేది. నిలువున గది నంబర్లు, అడ్డంగా తేదీలు. ఒక బుకింగ్‌కు గీసే రంగు పట్టీ 12వ గడి మధ్యలో మొదలై 15వ గడి మధ్యలో ఆగుతుంది. మిగిలిన సగం గడిలో తర్వాతి గెస్టు పట్టీ మొదలవుతుంది. ఒక్కసారి ఆ చార్టు చూసినవాళ్ళకు ఈ విషయం మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆయనకు స్క్రీన్ తిప్పి చూపించి ఉండాల్సింది.

గంటల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 12న మధ్యాహ్నం రెండు నుంచి 15న పదకొండు దాకా 69 గంటలు. మూడు పూర్తి రోజులకు ఇంకా మూడు గంటలు తక్కువే. దాన్ని పోస్టర్ మీద "4 రోజులు" అని వేస్తారు. ప్యాకేజీలు అమ్మే ఒక ఫ్రెండుతో దీనిమీద చాలాసార్లు వాదించాను. "అబద్ధం ఎక్కడుంది? నాలుగు తేదీల్లోనూ నువ్వు ఆ ఊళ్ళో ఉన్నావా లేదా?" అంటాడు. ఉన్నాను. మొదటి రోజు సాయంత్రం బీచ్‌కు తీసుకెళ్ళారు, చివరి రోజు టిఫిన్ పెట్టి బస్టాండులో దింపారు. అబద్ధం లేదు. కానీ రోజు అన్న మాటకు మనం ఇచ్చుకునే అర్థంలో సగం కూడా ఆ రెండు చివరల్లో లేదు. పోనీ 4 రోజులు, 3 రాత్రులు అని రెండూ వేస్తారుగా అంటే, వేస్తారు. నాలుగు పెద్ద అక్షరాల్లో, మూడు చిన్న అక్షరాల్లో.

రోజుల లెక్కతో నాకున్న అసలు పేచీ పోస్టర్లతో కాదు. రోజులు కూడికకు నిలబడవు, రాత్రులు నిలబడతాయి. ఇది మా ఇంట్లోనే తెలిసొచ్చింది.

నేనూ మా ఆవిడా యూరప్ వెళ్ళాలనుకున్నాం. మే 4 తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానం ఎక్కి, దోహాలో మారి, అదే రోజు మధ్యాహ్నం పారిస్‌లో దిగాలి. పారిస్‌లో 4 నుంచి 8 దాకా, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో 8 నుంచి 11, రోమ్‌లో 11 నుంచి 14. 14 సాయంత్రం రోమ్‌లో ఎక్కితే 15న హైదరాబాద్. ఇందులో మెలికేమీ లేదు. కానీ వీసా ఫైలు తయారు చేస్తుంటే ఒక్కో కాగితం మీద ఒక్కో అంకె కనబడింది.

హోటళ్ళన్నీ కలిపితే 4, 3, 3. మొత్తం పది రాత్రులు. మా ఆవిడ తన ప్లాన్ కాగితంలో ఊరూరికీ రోజులు రాసుకుంది. పారిస్ ఐదు రోజులు, ఇంటర్‌లాకెన్ నాలుగు, రోమ్ నాలుగు. కలిపితే పదమూడు. వీసాకు కావలసింది పదకొండు. ఆఫీసులో పెట్టాల్సిన సెలవు, 4 నుంచి 15 దాకా, పన్నెండు. ఒకే ప్రయాణం. పది, పదకొండు, పన్నెండు, పదమూడు.

వీటిలో పదమూడు ఒక్కటే తప్పు. 8వ తేదీని పారిస్ ఖాతాలో ఒకసారి, ఇంటర్‌లాకెన్ ఖాతాలో ఒకసారి వేసింది. 11ది కూడా అంతే. మారిన ప్రతి ఊరికీ ఒక రోజు అదనంగా పుడుతుంది. ఐదు ఊళ్ళు తిరిగితే నాలుగు రోజులు ఉత్తినే పుడతాయి. రాత్రుల లెక్కలో ఈ సమస్యే రాదు, ఎందుకంటే ఒక రాత్రి ఒక మంచం మీదే పడుకుంటాం. తను తప్పుగా ఏమీ రాయలేదు. పారిస్‌లో ఐదు తేదీల్లో ఉంటాం, నిజమే. కానీ ఆ ఐదును తీసుకెళ్ళి ఇంకో ఊరి నాలుగుతో కలపకూడదు. గోడ పక్క గోడ కట్టేటప్పుడు మధ్య స్తంభాన్ని రెండుసార్లు లెక్కపెట్టి సిమెంటు తెప్పించుకున్నట్టు ఉంటుంది.

పది, పదకొండు మధ్య తేడా దగ్గరే అసలు ప్రమాదం ఉంది. ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాలను షెంగెన్ దేశాలంటారు. వాటి నిబంధనలో ఇది స్పష్టంగా రాసుంది. లోపలికి వచ్చిన రోజు బసలో మొదటి రోజు, బయటికి వెళ్ళిన రోజు బసలో చివరి రోజు. అంటే వేళ్ళ లెక్క. రాత్రి 11:50కి దిగి ఇమిగ్రేషన్ దాటినా ఆ పది నిమిషాలు ఒక పూర్తి రోజే. మేం 4న అడుగుపెట్టి 14న బయటపడతాం కాబట్టి పదకొండు. మా కాగితాలు చూసే ఏజెంటు హోటల్ బుకింగులు కూడి, ఇన్సూరెన్స్‌ను 4 నుంచి 13 దాకా పది రోజులకు తీశాడు. పది రాత్రులు కాబట్టి పది రోజులనుకున్నాడు. బస మొత్తానికీ ఇన్సూరెన్స్ ఉండాలన్నది ఆ వీసాకు తప్పనిసరి షరతు, కాబట్టి 14వ తేదీ ఆ కాగితంలో లేకపోతే ఫైలు అక్కడే చిక్కుకుంటుంది. ఫైలు ఇచ్చే ముందురోజు రాత్రి నేను చూసుకున్నాను గనక సరిపోయింది. హోటల్లో పని చేసిన అలవాటు, తేదీల పక్కన అంకె కనిపిస్తే చెయ్యి దానంతటదే తీసివేత చేస్తుంది. తిరిగి ఇంటికి చేరేదాకా ఉండాలని చివరికి 15 దాకా, పన్నెండు రోజులకు మార్పించాను.

వీసా వచ్చాక స్టిక్కర్ మీద కూడా రెండు రకాల లెక్కలుంటాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఒకచోట, DURATION OF STAY అని రోజుల అంకె ఇంకోచోట. చివరి తేదీ సాధారణంగా మన ప్రయాణం ముగిశాక ఇంకో రెండు వారాల తర్వాత ఉంటుంది, విమానం వాయిదా పడితే పనికొస్తుందని. అది చూసి చాలామంది అప్పటిదాకా ఉండొచ్చనుకుంటారు. ఉండకూడదు. రోజుల అంకె నిండిపోతే చివరి తేదీ ఇంకా రాకపోయినా బయటికి రావాల్సిందే. ఆ అంకెను హోటల్ రాత్రులతో పోల్చి చూసుకుంటే, పదకొండు అని ఉన్నచోట పదకొండు రాత్రులు బుక్ చేసుకునే ప్రమాదం ఉంది. పదకొండు రాత్రులంటే పన్నెండు తేదీలు. ఒక రోజు ఓవర్‌స్టే.

జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి మూడు నెలలు ఉందామని వెళ్ళే అమ్మానాన్నలకు ఇది ఇంకా దగ్గరి సంగతి. అక్కడి నియమం ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించకూడదని. మార్చి 1న దిగారనుకోండి. కొడుకు ఎక్సెల్‌లో మార్చి 1కి 90 కలిపితే మే 30 వస్తుంది. ఆ తేదీకి తిరుగు టికెట్ కొంటాడు. కానీ మార్చి 1 కూడా ఒక రోజే. మార్చిలో 31, ఏప్రిల్‌లో 30, అప్పటికి 61. మిగిలిన 29 మేలో. తొంభైయ్యో రోజు మే 29. మే 30న ఎయిర్‌పోర్టుకు వెళ్తే తొంభై ఒకటో రోజు. తొంభై రోజులంటే 89 నిద్రలే. ఇదివరకు పాస్‌పోర్టులో స్టాంపులు చూసి అధికారి లెక్కపెట్టుకునేవాడు, కొందరు చూసీచూడనట్టు వదిలేసేవారేమో. 2025 అక్టోబరు 12 నుంచి అక్కడ ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. లెక్క యంత్రం చేతికి వెళ్ళింది. యంత్రం వేలు మర్చిపోదు.

ఎక్సెల్ గురించి ఎత్తాను కాబట్టి, A2లో వచ్చిన తేదీ, B2లో వెళ్ళే తేదీ ఉంటే ఇంతే:

```
=B2-A2
=B2-A2+1
```

మొదటిది రాత్రులు, రెండోది రోజులు. తేదీలను ఉత్తగా తీసివేస్తే ఎక్సెల్ సందులే ఇస్తుంది. అదే ఎక్సెల్‌లో పనిదినాలు లెక్కపెట్టే NETWORKDAYS మాత్రం రెండు చివరలూ కలుపుకుంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా తీసివేస్తే 4, దీనికిస్తే 5. ఒకే కంపెనీ, ఒకే షీటు, రెండు అలవాట్లు. ఒక్కసారి తెలిసిన తేదీలతో పరీక్షించుకోకుండా వాడకూడదు.

మరి వేళ్ళ లెక్కే పనికిరానిదా అంటే, అలా అనను. మన పెద్దలు దాన్ని ఒక పద్ధతిగా వాడారు. మా ఇంట్లో ఎవరైనా సోమవారం పోతే పదకొండో రోజు వచ్చేది తర్వాతి వారం గురువారం, శుక్రవారం కాదు. పోయిన రోజే మొదటి రోజు. బారసాల ఇరవై ఒకటో రోజన్నా అంతే, పుట్టిన రోజుతో మొదలు. క్రైస్తవులు శుక్రవారం సిలువ, ఆదివారం పునరుత్థానం అని, దాన్ని "మూడవ దినము" అంటారు. తీసివేస్తే రెండే, లెక్కపెడితే మూడు. తెలుగులో దీనికి చక్కని తేడా ఉంది, మనం గమనించం గానీ. "ఇది ఎన్నో రోజు?" అని అడిగితే వేలు చూపించమంటున్నాం. "ఎన్ని రోజులైంది?" అంటే సందులు అడుగుతున్నాం. పదకొండో రోజున కూర్చుని, పోయి ఎన్ని రోజులైందని ఎవరైనా అడిగితే పది అంటాం. రెండు జవాబులూ ఒప్పే, ప్రశ్నలే వేరు. ప్యాకేజీ వాళ్ళు చేసే గారడీ ఏమిటంటే "ఎన్నో" రోజుకు వచ్చిన అంకెను తీసుకెళ్ళి "ఎన్ని" రోజులకు తగిలించడం. నాలుగో రోజున తిరుగుప్రయాణం అంటే నిజం. నాలుగు రోజులు అంటే అప్పుడు పదకొండింటికి నేను ఫోన్ చేయాల్సి వస్తుంది.

ఈ రెంటినీ కలిపేసుకుంటే ఎంత దూరం వెళ్ళొచ్చో రోమన్లు చూపించారు. జూలియస్ సీజర్ నాలుగేళ్ళకొకసారి లీపు సంవత్సరం పెట్టమని క్యాలెండర్ మార్చి చనిపోయాడు. రోమన్లది వేళ్ళ లెక్క. పూజారులు మొన్నటి లీపు సంవత్సరాన్నే ఒకటిగా పట్టుకుని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి, మూడేళ్ళకొకసారి లీపు పెట్టుకుంటూ పోయారు. దశాబ్దాలు గడిచాక అగస్టస్ గమనించి, కొన్నేళ్ళపాటు లీపు సంవత్సరాలు ఆపించి సరిచేయాల్సి వచ్చింది. మా గెస్టు చేసింది ఇదే, కాకపోతే ఆయన రెండు గదుల దగ్గర ఆగారు.

చట్టాలైనా ఒక మాట మీద ఉన్నాయా అంటే లేవు. పన్ను కోసం ఎవరు ఎక్కడ ఎన్ని రోజులున్నారో లెక్కపెట్టేటప్పుడు బ్రిటన్ ప్రధానంగా అర్ధరాత్రులు చూస్తుంది. అర్ధరాత్రికి అక్కడ ఉంటే రోజు, లేకపోతే లేదు. మా హోటల్ లెక్కే. అమెరికాలో రోజులో కాసేపున్నా సాధారణంగా రోజు కిందే వేస్తారు, ప్యాకేజీ లెక్క. మన దగ్గర 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 9వ సెక్షన్ ప్రకారం చట్టంలో ఫలానా తేదీ "నుంచి" అని రాస్తే మొదటి రోజు వదిలేయాలి, "వరకు" అంటే చివరి రోజు కలుపుకోవాలి. విదేశాల నుంచి వచ్చే మనవాళ్ళు ఇండియాలో దిగిన రోజును పన్ను లెక్కలో కలపాలా వద్దా అన్నదానిమీద కేసులు కూడా నడిచాయి. అందుకని 182 రోజులు నిండితే పన్ను లెక్క మారిపోయే అంచున ఉన్నవాళ్ళు ఆ ఒక్క రోజు మీద ధైర్యం చేయకుండా ముందే విమానం ఎక్కేస్తారు.

ఇంతకీ నా వాదన రోజులు మానేయమని కాదు. డబ్బుకు, మంచానికి సంబంధించిన చోట నిద్రలే చెప్పాలి. వీసాలాగా చట్టం తేదీలే లెక్కపెట్టమన్న చోట తేదీలు చెప్పాలి. రెంటినీ ఒక్క "రోజులు" అన్న మాటలో కుక్కేయకూడదు. నేనిప్పుడు ఎవరికైనా గది చెప్పేటప్పుడు అంకె వాడను. 12 రాత్రి, 13 రాత్రి, 14 రాత్రి, 15 పొద్దున ఖాళీ అని పేరుపేరునా రాస్తాను. కాస్త చాదస్తంలా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

ఇలా రాయడానికి ఇంకో కారణం ఉంది, నిద్రల లెక్కే తడబడే చోటు ఒకటుంది. హోటల్లో తేదీ రాత్రి పన్నెండింటికి మారదు. ఏ రెండింటికో మూడింటికో నైట్ ఆడిట్ చేసి, ఆ రోజు ఖాతా మూసేశాక మారుతుంది. ఒకసారి నైట్ డ్యూటీలో ఉండగా ఒంటిగంటన్నరకు ఒకతను బ్యాగు లాక్కుంటూ వచ్చాడు. విమానం పన్నెండూ నలభైకి దిగింది. టికెట్ మీద 13 అని ఉంది, అందుకని గది కూడా 13కే బుక్ చేసుకున్నాడు. మా సిస్టమ్‌లో అప్పటికి ఇంకా 12 రాత్రే నడుస్తోంది. 13 గది దొరికేది ఇంకో పన్నెండున్నర గంటల తర్వాత, మధ్యాహ్నం రెండింటికి. హోటల్ నిండిపోయి ఉంది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. సరిగ్గా 12కే బుక్ చేసి, ఆలస్యంగా వస్తామని చెప్పకపోతే ఆడిట్‌లో నో-షో అని కొట్టేసి గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. "ఏ తేదీన వస్తున్నారు?" అని కాకుండా "ఏ రాత్రి పడుకుంటారు?" అని బుకింగ్ చేసినప్పుడు ఎవరైనా అడిగి ఉంటే అతను 12 రాత్రి అనేవాడు. ఆ రాత్రి లాబీ సోఫా మీద దుప్పటి వేసి పడుకోబెట్టాను. రిజిస్టర్‌లో ఆ నిద్ర ఏ తేదీ కిందా పడలేదు.